గీతకు రెండు వాక్యాలు

ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీకి కొత్త సాఫ్ట్‌వేర్ రాయించాలనుకున్నారని అనుకుందాం. రాసే కంపెనీవాళ్లు వచ్చి లైబ్రేరియన్‌ దగ్గర కూర్చుని, రిజిస్టర్లు తిరగేసి, నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్తారు. వారం తర్వాత ఒక కాగితం తెచ్చి ముందు పెడతారు. దాని మీద కొన్ని పెట్టెలు, పెట్టెల మధ్య గీతలు ఉంటాయి. కొన్ని గీతల కొసల్లో అంకెలు, చుక్కలు, నక్షత్రం గుర్తులు కనిపిస్తాయి. మరికొన్ని గీతల చివర ఖాళీ ముక్కోణం ఉంటుంది. "ఇది క్లాస్ డయాగ్రమ్ మేడమ్. చూసి సరేనంటే పని మొదలుపెడతాం" అంటారు. "ఇవన్నీ మీకు తెలిసినవి, నాకేం తెలుస్తాయండీ" అంటూ ఆవిడ సంతకం పెట్టేస్తారు.

చిక్కు మొదలయ్యేది ఆ సంతకంతోనే. ఆ కాగితం మీద ఉన్నది కంప్యూటర్ సంగతి కాదు, లైబ్రరీ సంగతి. పుస్తకం ఎవరి దగ్గర ఉండొచ్చు, ఒకరికి ఎన్ని ఇవ్వొచ్చు, విద్యార్థికీ లెక్చరర్‌కూ తేడా ఏమిటి అనే విషయాలే గీతలుగా మారి అక్కడ కూర్చున్నాయి. వాటిలో ఏది తప్పో పట్టుకోగలిగిన మనిషి ఆ గదిలో లైబ్రేరియన్ ఒక్కరే. బొమ్మ చదవడం రాకపోవడం వల్ల ఆ తప్పు అలాగే ప్రోగ్రామ్‌లోకి వెళ్లిపోతుంది. చదవడం నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఇంజినీరింగ్‌లో యూఎంఎల్ ల్యాబ్ చేసి కూడా ఈ గీతలను గీయడమే తప్ప చదవడం అలవాటు కాని పిల్లలు చాలామంది ఉన్నారు. ఇది వాళ్లకూ పనికొస్తుంది.

బొమ్మను ఇక్కడ అచ్చు వేయడం కంటే, ప్లాంట్‌యూఎంఎల్ అనే ఉచిత సాధనానికి ఇచ్చే వరుసలు చూపిస్తాను. ఇవి టైపు చేస్తే పెట్టెలూ గీతలూ అదే గీసిపెడుతుంది.

```
@startuml
Member <|-- Student
Member <|-- Teacher
Book "1" -- "1..*" Copy
Member "0..1" -- "0..5" Copy
@enduml
```

మెంబర్, స్టూడెంట్, టీచర్, బుక్, కాపీ అని అయిదు పెట్టెలు వస్తాయి. ఒక్కో పెట్టె ఒక్కో క్లాస్, అంటే ఒక రకం. మెంబర్ అనే పెట్టె ఫలానా సభ్యురాలిని సూచించదు, సభ్యులనే రకం మొత్తాన్ని సూచిస్తుంది. ఫలానా సభ్యురాలు ఆ రకానికి చెందిన ఒక ఆబ్జెక్ట్. పెద్ద బొమ్మల్లో పెట్టెను అడ్డంగా మూడు అరలు చేసి, పైన పేరు, మధ్యలో ఆ రకం గురించి దాచుకునే వివరాలు, కింద అది చేయగల పనులు రాస్తారు. మనకిప్పుడు గీతలు ముఖ్యం కాబట్టి అరల జోలికి వెళ్లను.

బుక్‌కీ కాపీకీ వేర్వేరు పెట్టెలు ఎందుకని మొదటిసారి చూసేవాళ్లందరూ అడుగుతారు. బుచ్చిబాబు రాసిన 'చివరకు మిగిలేది' ఒక పుస్తకం. ఈ లైబ్రరీ బీరువాలో దాని ప్రతులు నాలుగు ఉన్నాయనుకోండి. ఆ నాలుగింటికీ పేరు ఒకటే, రచయిత ఒకరే. కానీ యాక్సెషన్ నంబర్లు నాలుగు. ఒకదాని అట్ట చిరిగింది, ఇంకొకటి ఒక విద్యార్థి ఇంట్లో ఉంది. చేతికిచ్చేదీ, పోగొట్టుకునేదీ, జరిమానా కట్టించుకునేదీ కాపీకే గానీ పుస్తకానికి కాదు. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో వేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రతి బయటికెళ్తే మిగిలిన మూడూ బీరువాలో ఉన్నా 'పుస్తకం లేదు' అని చూపిస్తుంది.

ఇక గీతల దగ్గరికి వద్దాం. ఈ బొమ్మలో ఉన్నవి రెండు జాతుల గీతలు. వాటిని వేరుగా చూడటం వస్తే సగం చదువు అయిపోయినట్టే. కొసలో ఖాళీ ముక్కోణం ఉన్నది ఇన్‌హెరిటెన్స్ గీత. అది రకానికీ రకానికీ మధ్య చుట్టరికం చెబుతుంది. ముక్కోణం లేకుండా రెండు పెట్టెలను కలిపే మామూలు గీత అసోసియేషన్. అది ఒక ఆబ్జెక్ట్‌కీ మరో ఆబ్జెక్ట్‌కీ మధ్య ఉండే సంబంధం చెబుతుంది. సభ్యురాలు వేరు, ఆమె చేతిలోని కాపీ వేరు. రెండు వేర్వేరు వస్తువులు కాబట్టి, ఒకదానికి ఎన్ని అవతలివి ఉండొచ్చు అన్న ప్రశ్న పుడుతుంది. అందుకే అసోసియేషన్ కొసల్లో అంకెలు ఉంటాయి. స్టూడెంట్ విషయంలో అలా కాదు. రమ్య అనే విద్యార్థిని ఉంటే, ఆమె స్టూడెంటూ అవుతుంది, మెంబరూ అవుతుంది. ఉన్న మనిషి ఒక్కరే. అక్కడ లెక్కించడానికి రెండోది లేదు. అందుకని ముక్కోణం గీత మీద అంకె ఎప్పుడూ రాయరు. ఎవరైనా రాశారంటే, గీసినవాళ్లకే ఆ గీత అర్థం కాలేదని గ్రహించొచ్చు.

ముక్కోణం ఎటువైపు ఉండాలన్నది విద్యార్థులు తరచూ తారుమారు చేసే విషయం. ఆస్తి తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది కాబట్టి బాణం బిడ్డ వైపు చూపించాలని అనిపిస్తుంది. నిజానికి అది ఎప్పుడూ తల్లి క్లాస్ వైపే చూస్తుంది. స్టూడెంట్ నుంచి బయల్దేరి మెంబర్ పెట్టెను తాకే చోట ముక్కోణం ఉంటుంది. అలా ఎందుకో ప్రోగ్రామ్ చూస్తే తెలుస్తుంది. జావాలో స్టూడెంట్ క్లాస్ రాసేటప్పుడు మొదటి వరుసలోనే ఇలా రాయాలి:

```java
class Student extends Member
```

మెంబర్ పేరు స్టూడెంట్ ఫైలులో ఉంది. మామూలుగా మెంబర్ ఫైలులో స్టూడెంట్ ప్రస్తావన ఉండదు. రేపు రీసెర్చ్ స్కాలర్ అని మరో రకం చేర్చినా మెంబర్ ఫైలు ముట్టుకోనక్కర్లేదు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ముక్కోణం ఆ దిక్కున చూస్తుంది. ఈ గీతను చదవడానికి వాక్యం ఒక్కటే: ప్రతి స్టూడెంటూ మెంబరే. తిరగేసి 'ప్రతి మెంబరూ స్టూడెంటే' అంటే తప్పవుతుంది.

ఈ గుర్తులన్నీ ఒక్క రోజులో స్థిరపడినవి కావు. 1990ల మొదట్లో ఒక్కో గురువుదీ ఒక్కో గీత. గ్రేడీ బూచ్ పద్ధతిలో క్లాస్‌ను పెట్టెగా కాకుండా చుక్కల గీతతో మబ్బు ఆకారంలో గీసేవారు. జేమ్స్ రంబా 1991లో తన సహచరులతో కలిసి ప్రచురించిన ఓఎమ్‌టీ పద్ధతిలో పెట్టెలే ఉండేవి గానీ, ఇన్‌హెరిటెన్స్ ముక్కోణం గీత మధ్యలో ఉండేది. 'ఎన్నైనా' అని చెప్పడానికి గీత చివర నల్లటి గుండు, 'సున్నా లేదా ఒకటి' అనడానికి ఖాళీ గుండు పెట్టేవారు. రంబా 1994లో బూచ్ పనిచేస్తున్న రేషనల్ కంపెనీలో చేరారు. మరుసటి ఏడాది స్వీడన్‌కు చెందిన ఐవార్ జాకబ్‌సన్ వాళ్లతో కలిశారు. ముగ్గురి పద్ధతులూ కలిసి తయారైన యూఎంఎల్‌ను ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ 1997 నవంబరులో ప్రమాణంగా ఆమోదించింది. గుండ్ల స్థానంలో అంకెలు వచ్చాయి. మంచి మార్పే. 'అయిదుకు మించకూడదు' అన్న మాట గుండుతో చెప్పలేం.

ఆ అంకెలకే మల్టిప్లిసిటీ అని పేరు. రాసే తీరు తేలిక. రెండు చుక్కలకు ఎడమవైపు కనీసం ఎన్ని, కుడివైపు గరిష్ఠంగా ఎన్ని అని రాస్తారు. `0..5` అంటే ఒక్కటీ లేకపోవచ్చు, అయిదుకు మించకూడదు. `1..*` అంటే ఒక్కటైనా ఉండాలి, పైన హద్దు లేదు. కనిష్ఠమూ గరిష్ఠమూ ఒకటే అయితే ఒక్క అంకె చాలు, `1` అని రాస్తారు. ఒట్టి నక్షత్రం పెడితే `0..*` అని అర్థం. అసలు ఏ అంకే రాయకపోతే ఒకటని అనుకోవాలని కొందరు చెబుతారు గానీ, యూఎంఎల్ ప్రమాణం ప్రకారం బొమ్మలో అంకె లేకపోతే దాన్నుంచి ఏ నిర్ణయానికీ రాకూడదు. గీసినవాళ్లను అడగడమే దారి.

ఏ కొసలో అంకె ఎవరిదన్నది అసలు మెలిక. నియమం ఇది: ఒక పెట్టె దగ్గర నిలబడి, అక్కడి ఆబ్జెక్ట్ ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుని, గీత మీద నడిచి అవతలి కొసకు వెళ్లి, అక్కడున్న అంకె చదవాలి. మనం నిలబడ్డ వైపు అంకెను చూడకూడదు. మెంబర్ దగ్గర నిలబడితే అవతల కాపీ కొసలో `0..5` ఉంది. కాబట్టి వాక్యం: ఒక సభ్యుడి దగ్గర కాపీలు ఏవీ లేకపోవచ్చు, ఉంటే అయిదు దాకా ఉండొచ్చు. ఇప్పుడు కాపీ దగ్గర నిలబడండి. అవతల మెంబర్ కొసలో `0..1` ఉంది. ఒక కాపీ ఎవరి దగ్గరా లేకపోవచ్చు, ఉంటే ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఒకే గీతలో రెండు వాక్యాలు దాగున్నాయి. రెండూ నిజమైతేనే గీత నిజం. చాలామంది ఒకవైపు నుంచి చదివి, బాగానే ఉందనుకుని వదిలేస్తారు. తప్పు సాధారణంగా చదవకుండా వదిలేసిన వైపే ఉంటుంది.

డేటాబేస్ పాఠం ముందు చదివి వచ్చిన విద్యార్థులు ఇక్కడ తడబడటానికి సరైన కారణమే ఉంది. మన కాలేజీల్లో ఎక్కువగా వాడే ఎల్‌మాస్రీ, నవాతే పాఠ్యపుస్తకంలో ఉన్న మిన్-మ్యాక్స్ పద్ధతిలో అంకెల జంటను ఆ ఎంటిటీ పక్కనే రాస్తారు. అంటే ఒక సభ్యుడికి ఎన్ని కాపీలన్నది సభ్యుడి వైపే ఉంటుంది. యూఎంఎల్‌లో సరిగ్గా దీనికి ఎదురు. రెండు పద్ధతులూ సరైనవే. ఒకదాని కళ్లతో రెండోదాన్ని చదివితే మాత్రం ఒక కాపీని అయిదుగురు పంచుకుంటున్నట్టూ, సభ్యుడికి ఒక్క పుస్తకమే ఇస్తున్నట్టూ అర్థం వస్తుంది. అలాంటి వింత వాక్యం వచ్చిందంటే ముందు కొసలు తారుమారు చేశామేమో చూసుకోవాలి.

ఇప్పుడు లైబ్రేరియన్‌కు ఈ వాక్యాలు చదివి వినిపిద్దాం. బుక్, కాపీల మధ్య గీత: ఒక కాపీ సరిగ్గా ఒక పుస్తకానికి చెందుతుంది. "అవునండీ" అంటారు. ఒక పుస్తకానికి కనీసం ఒక కాపీ ఉంటుంది. ఆవిడ ఆగుతారు. "ఆర్డరు పెట్టి, ఇంకా రాని పుస్తకాల పేర్లు కూడా లిస్టులో ఉంచుతామే. ఉన్న ఒక్క ప్రతీ పోయినా ఆ పేరు తీసెయ్యం, మళ్లీ తెప్పించాలి కదా." అంటే `1..*` అబద్ధం. అక్కడ `0..*` ఉండాలి. మారింది ఒక్క అంకె. కానీ `1..*` తోనే ప్రోగ్రామ్ రాసి ఉంటే, కొత్త పుస్తకం పేరు ఎక్కించబోయినప్పుడల్లా యాక్సెషన్ నంబరు ఇస్తే గానీ ముందుకు పోనివ్వదు. అప్పుడు కౌంటర్లో కూర్చున్నవాళ్లు ఏం చేస్తారో ఊహించొచ్చు. 9999 లాంటి దొంగ నంబరు ఒకటి వేసి పని గడుపుకుంటారు. ఏడాది తిరిగేసరికి స్టాకు లెక్కలో లేని పుస్తకాలు ఉన్నట్టు తేలుతుంది. పాత సాఫ్ట్‌వేర్లలో అర్థంలేని నంబర్లు ఒకే చోట గుట్టగా కనిపిస్తే, అక్కడ ఎవరో సున్నా రాయాల్సిన చోట ఒకటి రాశారేమోనని నేను మొదట అనుమానిస్తాను.

కనిష్ఠం అనే ఆ ఎడమవైపు అంకె మీద ఇంత మాట్లాడటానికి మరో కారణం ఉంది. ప్రోగ్రామ్‌లో అది ఇలా దిగుతుంది:

```java
class Copy {
    Book book;       // 1
    Member holder;   // 0..1
}
```

చూడటానికి రెండు వరుసలూ ఒకేలా ఉన్నాయి. కానీ `book` ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు, `holder` ఖాళీగా ఉండొచ్చు. కాపీ బీరువాలో ఉన్నప్పుడు అది ఖాళీయే. ఈ తేడా మరిచి, ప్రతి కాపీ పక్కనా తీసుకున్నవారి పేరు అచ్చు వేద్దామని `copy.holder.getName()` అని రాసినవారికి, బీరువాలో ఉన్న మొదటి పుస్తకం దగ్గరే `NullPointerException` అని తెర మీద పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులందరికీ ఈ పేరు పరిచయమే. అది రాకుండా చూసుకోమని బొమ్మలోని సున్నా ముందే చెప్పింది.

రచయిత పెట్టె కూడా చేర్చితే నక్షత్రం రెండు వైపులా వస్తుంది. ఆంధ్ర మహాభారతానికి నన్నయ, తిక్కన, ఎర్రన అని ముగ్గురు కర్తలు. తిక్కన పేరున మళ్లీ 'నిర్వచనోత్తర రామాయణం' వేరే ఉంది. ఒక పుస్తకానికి ఎందరో, ఒకరికి ఎన్నో. మరి రచయిత కొసలో కనిష్ఠం ఒకటా, సున్నానా? జానపద గేయాల సంపుటి తీసుకోండి. ఆ పాటలు కట్టినవారెవరో ఎవరికీ తెలియదు. అట్ట మీద ఉండేది సేకరించినవారి పేరు. సేకరించినవారిని రచయితగా లెక్కేయాలా వద్దా అన్నది లైబ్రరీ తేల్చుకోవాల్సిన మాట, ప్రోగ్రామర్ తేల్చేది కాదు.

ఇంతవరకు వచ్చాక లైబ్రేరియన్ మరో ప్రశ్న వేస్తారు. "బాగుంది. పోయిన మార్చిలో ఈ కాపీ ఎవరి దగ్గరుందో ఇందులో చూడొచ్చా?" చూడలేం. మల్టిప్లిసిటీ ఎప్పుడూ ఒక క్షణం గురించే మాట్లాడుతుంది. ఏ క్షణాన ఆగి చూసినా ఒక కాపీ ఒకరి దగ్గరే ఉంటుందన్నది `0..1`. పుస్తకం తిరిగిచ్చాక ఆ సంబంధం తెగిపోతుంది, దాని జాడ మిగలదు. చిరిగిన పేజీలకు బాధ్యులెవరో తేల్చాలంటే పాత సంబంధాలు కూడా కావాలి. అప్పుడు గీతే ఒక పెట్టె అవుతుంది. రిజిస్టర్లో ఒక్కో వరుస లాంటిదన్నమాట. దాన్ని లోన్ అందాం. ఇచ్చిన తేదీ, రావలసిన తేదీ, వచ్చిన తేదీ దానిలో ఉంటాయి.

```
Member "1" -- "0..*" Loan
Copy "1" -- "0..*" Loan
```

ఒక్కో లోన్ ఒక్క సభ్యుడిదీ ఒక్క కాపీదీ. ఒక సభ్యుడికి, ఒక కాపీకి కాలం గడిచేకొద్దీ లోన్లు ఎన్నైనా పోగవుతాయి. ఇదే పని చేయడానికి అసోసియేషన్ క్లాస్ అని ఇంకో గుర్తు కూడా ఉంది. మెంబర్, కాపీల మధ్య గీతను ఉంచేసి, దాని నడుమ నుంచి చుక్కల గీతతో లోన్ పెట్టెను వేలాడదీస్తారు. పరీక్షల్లో ఇది బాగా అడుగుతారు. ఈ లైబ్రరీకి మాత్రం అది నప్పదు. విడిగా ఏమీ చెప్పకపోతే, ఆ పద్ధతిలో ఒక జంట మధ్య ఒక సంబంధమే ఉండాలి. రమ్య అదే కాపీని జూన్‌లో ఒకసారి, పరీక్షల ముందు మరోసారి తీసుకెళ్తే రెండో వరుసకు చోటు లేదు. విడి పెట్టెగా గీస్తే ఆ బాధ ఉండదు.

అయితే ఈ మార్పులో మనం పోగొట్టుకున్నదొకటి ఉంది. చాలామంది గమనించరు కాబట్టి ఇక్కడ ఆగాలి. పాత గీతలో 'ఒక కాపీ ఒకేసారి ఇద్దరి దగ్గర ఉండదు' అన్న మాట `0..1` రూపంలో ఉండేది. కొత్త బొమ్మలో అది ఎక్కడుంది? లేదు. ఒక కాపీకి లోన్లు ఎన్నైనా ఉండొచ్చన్నాం. వాటిలో రెండు ఒకే సమయంలో తెరిచి ఉన్నా బొమ్మ అడ్డు చెప్పదు. అయిదు పుస్తకాల హద్దు కూడా అలాగే జారిపోయింది. చరిత్ర దాచుకోవడానికి నక్షత్రం పెట్టినప్పుడల్లా, ఆ క్షణపు నియమాన్ని వేరేగా రాసి పెట్టాలి. యూఎంఎల్‌లో ఇలాంటి నియమాన్ని మీసాల బ్రాకెట్ల మధ్య, మూల మడిచిన చిన్న చీటీలో రాసి ఆ పెట్టెకు తగిలిస్తారు: 'తిరిగి రాని లోన్ ఒక కాపీకి ఒకటికి మించరాదు.' ఈ చీటీ లేని బొమ్మను నమ్మి ప్రోగ్రామ్ రాస్తే, ఏదో ఒక రోజు ఒకే యాక్సెషన్ నంబరు ఇద్దరి పేరు మీద కనిపిస్తుంది. పుస్తకం తిరిగిచ్చిన విద్యార్థికి జరిమానా నోటీసు వెళ్తుంది.

మళ్లీ ముక్కోణం దగ్గరికి వెళ్దాం. అంకెలు చదవడం వచ్చాక అందులో ఒక కొత్త తప్పు బయటపడుతుంది. మెంబర్‌కున్న గీతలన్నీ స్టూడెంట్‌కీ టీచర్‌కీ వర్తిస్తాయి. వాటిని విడిగా గీయరు. ప్రతి టీచరూ మెంబరే కాబట్టి, మొదటి బొమ్మ ప్రకారం టీచర్ దగ్గర కూడా అయిదుకు మించి కాపీలు ఉండకూడదు. ఇది విని లైబ్రేరియన్ "అదెలా కుదురుతుందండీ! పిల్లలకు మూడిస్తాం, లెక్చరర్లకు పదిస్తాం" అంటారు. కాగితం మీద ఎక్కడా 'టీచర్‌కు అయిదే' అని రాసి లేదు. ముక్కోణం గీతనూ మామూలు గీతనూ కలిపి చదివితేనే ఆ మాట వచ్చింది. సంతకం పెట్టేముందు ఇలా కలిపి చదవడం చాలా అవసరం.

దీన్ని సరిచేసేటప్పుడు ఒక హద్దు గుర్తుంచుకోవాలి. పిల్ల క్లాస్ తల్లి ఇచ్చిన మాటను బిగించొచ్చు గానీ వదులు చేయకూడదు. మెంబర్ దగ్గర `0..10` అని పెట్టి, స్టూడెంట్ దగ్గర `0..3` అని కుదిస్తే ఆ మాట నిలుస్తుంది. మెంబర్ దగ్గర అయిదని చెప్పి టీచర్ దగ్గర పది అంటే, 'ఏ మెంబర్ దగ్గరా అయిదుకు మించవు' అని నమ్మి రాసిన ప్రోగ్రామ్ భాగమంతా కూలుతుంది. తల్లి రకాన్ని ఆశించిన చోట పిల్ల రకాన్ని పెట్టినా పని చెడకూడదన్న ఈ సూత్రాన్ని బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో వివరించారు. ఆమె పేరుతోనే అది ప్రసిద్ధమైంది.

కానీ నన్నడిగితే, ఈ లైబ్రరీలో స్టూడెంట్, టీచర్లకు ముక్కోణమే వద్దంటాను. ఇదే కాలేజీలో చదివిన రమ్య, పీజీ చేసి ఇక్కడికే లెక్చరర్‌గా వచ్చిందనుకోండి. జావాలో ఒక ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌తో పుట్టిందో చివరి వరకు ఆ క్లాస్‌దే. స్టూడెంట్ ఆబ్జెక్ట్‌ను టీచర్‌గా మార్చే వీలు లేదు. పాత సభ్యత్వం మూసి కొత్తది తెరవాలి. ఆమె పాత లోన్లు, కట్టని జరిమానా పాత పేరు మీదే ఉండిపోతాయి. ఒకే మనిషి ఇద్దరు సభ్యులుగా లిస్టులో కనిపిస్తుంది. చదువుతూనే గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పే పరిశోధక విద్యార్థి అయితే ఏ పెట్టెలో పెట్టాలో కూడా తెలియదు. విద్యార్థి, లెక్చరర్ అన్నవి మనిషి జీవితంలో వచ్చి పోయే హోదాలు. వచ్చి పోయేవాటికి ముక్కోణం పనికిరాదు, మామూలు గీతే సరైనది.

```
Member "0..*" -- "1" Category
```

ఒక సభ్యుడికి ఒక కేటగిరీ. ఒక కేటగిరీలో సభ్యులు ఎందరైనా. మూడు పుస్తకాలా పదా అన్నది కేటగిరీ పెట్టె లోపల ఒక వివరంగా ఉంటుంది. రమ్య ఉద్యోగంలో చేరిన రోజున ఆమె గీతను ఒక కేటగిరీ నుంచి మరోదానికి మారిస్తే చాలు. వచ్చే ఏడాది కాలేజీ కమిటీ మూడును నాలుగు చేసినా ప్రోగ్రామ్ తిరగరాయనక్కర్లేదు, అంకె మారిస్తే సరి.

ముక్కోణం నిజంగా పనికొచ్చే చోటు ఇదే లైబ్రరీలో ఉంది. గ్రంథానికీ పత్రికకూ తేడా చూడండి. పత్రికకు సంపుటి, సంచిక నంబర్లు ఉంటాయి, చందా ఉంటుంది. గ్రంథానికి అవేవీ ఉండవు. రెండూ లైబ్రరీ సామగ్రే. ఏ పత్రికా ఒక రోజు నవలగా మారిపోదు. రకం పుట్టుకతో వచ్చి మారకుండా ఉండాలి, ప్రతి రకానికీ తనదైన వివరమో పనో ఉండాలి. ఈ రెండూ ఉన్నచోట ముక్కోణం గీయడానికి నేను వెనుకాడను.

కొసలో వజ్రం ఆకారం ఉన్న గీతలు కూడా కనబడతాయి. నల్లగా నింపిన వజ్రం ఉంటే ఆ భాగం ఒక సమయంలో ఒక మొత్తానికే చెందుతుందని అర్థం, మొత్తాన్ని తొలగిస్తే మామూలుగా భాగమూ దానితోపాటే పోతుంది. ఖాళీ వజ్రానికి కచ్చితమైన అర్థం ఇంతని యూఎంఎల్ ప్రమాణమే నిర్ణయించలేదు. గీసేవారిని బట్టి మారుతుందని చెప్పి వదిలేసింది. దాన్ని మామూలు గీతగానే చదివేయడం మేలు.

మీరు స్కూలు నడుపుతున్నా, చిట్‌ఫండ్ ఆఫీసులో ఉన్నా, ఆసుపత్రి రికార్డులు చూస్తున్నా, ఇలాంటి కాగితం ఒకటి మీ ముందుకు రావచ్చు. గీసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కోణం ఉన్న ప్రతి గీతకూ ఒక వాక్యం, మామూలు గీతకు రెండు వైపుల నుంచీ రెండు వాక్యాలు తెలుగులో పైకి చదివించుకోండి. కనిష్ఠం ఒకటి అని ఉన్న ప్రతిచోటా 'ఒక్కటీ లేని రోజు ఉండదా' అని అడగండి. నక్షత్రం ఉన్నచోట 'ఒకేసారి ఎన్ని' అని అడగండి. ముక్కోణం ఉన్నచోట 'వీళ్లు రేపు వాళ్లవుతారా' అని అడగండి. మీ పని గురించి మీకు తెలిసిన దానితో ఒక్క వాక్యం పొసగకపోయినా, దాన్ని సరిచేయించాకే సంతకం పెట్టండి.